‘పచ్చి’కి వ్యతిరేకం ఏది అని వెతికితే తెలుగు మాటల అమరిక ఎలా బయటపడుతుందో

ప్రశ్న: మా అమ్మాయి ఐదో క్లాసు. వ్యతిరేక పదాల వర్క్‌షీట్‌లో ‘పచ్చి’కి ‘ఎండు’ అని రాస్తే తప్పు పెట్టి ‘పండు’ అని దిద్దారు. నేను నిఘంటువు తీసి చూశా, అర్థాలే ఉన్నాయి గానీ వ్యతిరేకం ఎక్కడా లేదు. ఏది కరెక్టండీ? అసలు మాటలు డిక్షనరీలో అయినా మన బుర్రలో అయినా ఏ లెక్కన అమర్చి ఉంటాయి?

జవాబు:

పాప రాసిందీ కరెక్టే, దిద్దిందీ కరెక్టే, ప్రశ్నే సగం ఇచ్చారు. పచ్చి అనే మాట పక్కన ఒక వస్తువు పేరు లేకుండా దానికి వ్యతిరేకం చెప్పడం కుదరదు. చాలా ఏళ్ళుగా నిఘంటువు పనిలో ఉన్నాను, ఎంట్రీలు రాయడం, అర్థాలు విడదీయడం, ఉదాహరణలు ఏరడం ఇదే నా రోజువారీ పని, అందుకని కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే మీ పాపకి తగిలిన ఈ ఒక్క మాట తెలుగులో నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి ఉదాహరణ.

ముందు పచ్చిని వరసగా వస్తువుల పక్కన పెట్టి చూడండి. పచ్చి కట్టెలు అంటే వ్యతిరేకం ఎండు కట్టెలు. పచ్చి అరటికాయలకి వ్యతిరేకం పండినవి. పచ్చి పాలకి కాచిన పాలు. పచ్చి ఇటుక అంటే బట్టీలో పెట్టనిది, దానికి వ్యతిరేకం కాల్చిన ఇటుక. పచ్చి కూరగాయలు తింటున్నారు అంటే ఉడికినవి కాదు అని. పచ్చి గోడ మీద రంగు వెయ్యకండి అంటే ఆరలేదు అని. పచ్చి పుండు అంటే మానలేదు అని. తెలంగాణలో పచ్చిపులుసు అంటారే, అది పొయ్యి మీద పెట్టకుండా చేసే పులుసు, దానికి వ్యతిరేకం కాచిన పులుసు. ఒక్క మాటకి ఎండిన, పండిన, కాచిన, కాల్చిన, ఉడికిన, ఆరిన, మానిన అని ఏడు వ్యతిరేకాలు వచ్చాయి, ఇంకా వెతికితే ఇంకా వస్తాయి.

మరి పచ్చికి ఏడు అర్థాలున్నాయా అంటే, నా ఉద్దేశంలో లేవు. ఉన్నది ఒకటే అర్థం, ఆ వస్తువుకి జరగాల్సిన పని ఇంకా జరగలేదు అని. కట్టెకి జరగాల్సింది ఎండడం, కాయకి పండడం, ఇటుకకి కాలడం, పుండుకి మానడం. ఏ వస్తువుకి ఏం జరగాలో ఆ వస్తువు పేరులోనే ఉంది, అది పచ్చిలో లేదు. అందుకే వ్యతిరేకాన్ని పచ్చి ఒక్కటే తేల్చలేదు, పక్కనున్న మాట తేలుస్తుంది. వంటింట్లో “పచ్చివాసన పోయేదాకా వేయించు” అంటారు, అక్కడ కూడా అదే లెక్క, నూనెలో జరగాల్సిన పని ఇంకా అవ్వలేదు అని.

ఇప్పుడు మిరపకాయ తీసుకోండి, మీ గొడవ మొత్తం అందులో ఉంది. మిరపకాయకి జరగాల్సినవి రెండు, మొదట చెట్టు మీద పండి ఎర్రబడాలి, తర్వాత కల్లంలో ఎండాలి. కాబట్టి పచ్చిమిర్చి, పండుమిర్చి, ఎండుమిర్చి అని మూడు దశలు. పచ్చడి పెట్టుకునేవాళ్ళు “పచ్చివి కాదు, పండువి కావాలి” అంటారు, తాలింపుకి కావాల్సినవాళ్ళు “పచ్చివి కాదు, ఎండువి” అంటారు. ఒకే కాయ మీద పచ్చికి రెండు వ్యతిరేకాలూ సరిగ్గానే పనిచేస్తున్నాయి, ఏది వాడతామన్నది ఆ నిమిషంలో మనకి ఏ తేడా ముఖ్యమో దాన్ని బట్టి.

ఇంకా విచిత్రం పల్లీల్లో ఉంది. చేలోంచి పీకిన పచ్చి వేరుశనగ అంటే ఇంకా తేమగా ఉన్నది, దానికి వ్యతిరేకం ఎండినది. అదే కాయని ఎండబెట్టి, వొలిచి, కిరాణా కొట్టుకి తెచ్చాక “పచ్చి పల్లీలు అరకిలో ఇవ్వండి” అంటాం, అంటే వేయించనివి అని. గింజ అదే, చేను లెక్కన చూస్తే ఎండుది, మూకుడు లెక్కన చూస్తే పచ్చిది. పచ్చికీ ఎండుకీ ఎప్పుడూ చుక్కెదురే అనుకుంటే ఈ గింజ ఒకేసారి రెండూ ఎలా అవుతుంది? అందుకే మేము ఎంట్రీ రాసేటప్పుడు “పచ్చి ×” అని రాసి ఒకే మాట పెట్టడానికి వెనకాడతాం. మీ నిఘంటువులో వ్యతిరేకం లేకపోవడానికి ఇదొక కారణం, మర్చిపోయి వదిలెయ్యలేదు.

అలాగే పచ్చి అబద్ధం, పచ్చి తాగుబోతు అంటాం. వీటికి వ్యతిరేకం ఏంటని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అబద్ధానికి జరగాల్సిన పని అంటూ ఏం లేదు, అక్కడ పచ్చి అంటే “ఏ దాపరికం లేని, నిఖార్సయిన” అని ఒక ఒత్తు మాత్రమే. ఒక మాటకి ఏ వాడుకలో వ్యతిరేకం దొరకట్లేదో చూస్తే, ఆ వాడుకలో అర్థం వేరే దారి పట్టిందని తెలిసిపోతుంది. అర్థాలు విడదీయడానికి మాకున్న పనిముట్లలో ఇది చాలా నమ్మకమైనది.

దీన్నుంచి వచ్చే అసలు విషయం ఒకటుంది. వ్యతిరేక పదాలు అనగానే బాగా దూరంగా ఉండేవి అనుకుంటాం కదా, నిజానికి అవి చాలా దగ్గర మాటలు. పచ్చి కట్టె, ఎండు కట్టె రెండూ కట్టెలే, రెండూ చెట్టు నుంచి వచ్చినవే, ఒక్క తేమ దగ్గర తప్ప అన్నిట్లో ఒకటే. అత్త, కోడలు ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరూ పెళ్ళి వల్ల కలిసిన చుట్టాలే. మిరపకాయకీ బస్సుకీ బోలెడు తేడా ఉంది గానీ ఎవరూ వాటిని వ్యతిరేకాలు అనరు. రెండు మాటలు వ్యతిరేకం కావాలంటే ముందు ఇద్దరికీ ఒక ఉమ్మడి పెద్ద ఉండాలి, ఆ పెద్ద కింద ఒకే ఒక్క చోట విడిపోవాలి. వ్యతిరేకం దొరకాలంటే ముందు ఆ పెద్దని పట్టుకోవాలి, ఇది బడిలో ఎవరూ చెప్పరు.

ఆ విడిపోయే పద్ధతి కూడా అన్ని జంటల్లో ఒకటి కాదు. లేత, ముదురు తీసుకోండి, మధ్యలో బోలెడు జాగా ఉంది, కొంచెం లేత, బాగా ముదురు, అటూ ఇటూ కాని బెండకాయ కూడా ఉంటుంది. లేత కాదు అన్నంత మాత్రాన ముదురు అయిపోదు. బతికున్న, చనిపోయిన అలా కాదు, ఒకటి కాదంటే రెండోదే. అమ్మడం, కొనడం ఇంకో రకం, జరిగే పని ఒక్కటే, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా, మావయ్య–అల్లుడు, గురువు–శిష్యుడు కూడా ఇంతే. కట్టడం–విప్పడం, ఎక్కడం–దిగడం అయితే ఒకదాన్ని రెండోది వెనక్కి తిప్పేస్తుంది. పిల్లలకి ఈ పేర్లేం అక్కర్లేదు, “ఇంకొంచెం” అని ముందు పెట్టి చూడమనండి, “ఇంకొంచెం లేత” బావుంటుంది, “ఇంకొంచెం చనిపోయిన” అనలేం, దాంతో మొదటి రెండు రకాలూ విడిపోతాయి.

జంటలో ఇద్దరూ సమానం కూడా కాదు, ఇది చాలామంది గమనించరు. ఆ గోడ ఎంత ఎత్తు అని అడిగితే గోడ ఎత్తైనదో పొట్టిదో నాకు తెలీదు అనే అర్థం. ఈ బ్యాగ్ ఎంత బరువు అన్నా అంతే, తేలికైనదే అయ్యుండొచ్చు. అదే “ఎంత తేలికగా ఉంది?” అని అడిగితే తేలికని ముందే ఒప్పేసుకున్నట్టు. కొలత మొత్తానికి పేరు ఎక్కువ వైపు మాట నుంచే వస్తుంది, ఎత్తు, బరువు, లోతు, పొడుగు. నిఘంటువులో తేలికని వివరించేటప్పుడు “బరువు తక్కువగా ఉన్న” అని రాస్తాం గానీ బరువుని “తేలిక కానిది” అని రాయం, కారణం ఇదే.

బడి పుస్తకాల్లో మాత్రం ఎక్కువగా న్యాయం–అన్యాయం, ధర్మం–అధర్మం, సత్యం–అసత్యం ఇలాంటివే ఉంటాయి, ముందు ఒక ‘అ’ తగిలిస్తే చాలు, దిద్దడం కూడా సులువు. ఇందులో ప్రమాదం ఏంటంటే పిల్లలు దాన్ని యంత్రంలా అలవాటు చేసుకుంటారు, ఒకరోజు మూల్యానికి అమూల్యం అని రాస్తారు. అమూల్యం అంటే విలువ లేనిది కాదు కదా, విలువ కట్టలేనంత గొప్పది.

ఇప్పుడు ఆ ‘ఉమ్మడి పెద్ద’ సంగతి. మిరపకాయ ఒక కూరగాయ, కూరగాయ తినే వస్తువు. కింద ఉన్న మాటని భాషాశాస్త్రంలో హైపోనిమ్ అంటారు, పేరు పక్కన పెట్టండి, ‘ఒక రకం’ అనే సంబంధం ఇది. దీనికి ఒక దిశే ఉంటుంది, ప్రతి బెండకాయా కూరగాయే గానీ ప్రతి కూరగాయా బెండకాయ కాదు. పరీక్ష కూడా తేలిక, “బెండకాయలు, వంకాయలు లాంటి కూరగాయలు” అనొచ్చు, “కూరగాయలు లాంటి బెండకాయలు” అనలేం.

కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఎక్కువగా తడబడేది రకానికీ, భాగానికీ, దశకీ మధ్య. వడ్లు, బియ్యం, నూకలు, తౌడు, ఊక, అన్నం అన్నీ ఒక గుంపే, ఒకటి తలుచుకుంటే మిగతావి వస్తాయి, కానీ ఇందులో ఏదీ ఇంకోదానికి సరిగ్గా ‘రకం’ కాదు. వడ్లు మరాడిస్తే ఊకా తౌడూ పోయి బియ్యం వస్తుంది, విరిగినవి నూకలు, వండితే అన్నం. “తౌడు ఒక రకం వడ్లు” అంటే రైతులు నవ్వుతారు. నాగలికి మేడి, కర్రు, నొగ భాగాలు, అవి రకాలు కావు. మసూరి వడ్లు, స్వర్ణ వడ్లు అంటే అవి రకాలు. ఈ మూడూ విడదీయకుండా చెట్టులా గీసేస్తే ఎంట్రీ మొత్తం చెడుతుంది, ఎలా తెలుస్తుందంటే పై మాటకి చెప్పిన గుణం కింద మాటకి వర్తించకుండా పోతుంది. వడ్లు మొలకెత్తుతాయి, స్వర్ణ వడ్లూ మొలకెత్తుతాయి, తౌడు మొలకెత్తదు.

ఇలా ఒక పని చుట్టూనో ఒక వస్తువు చుట్టూనో చేరి, ఒకదాని హద్దు ఇంకొకటి నిర్ణయించే మాటల గుంపునే అర్థక్షేత్రం అంటారు. 1930ల్లో జర్మనీలో యోస్ట్ ట్రియర్ దీన్ని గట్టిగా ప్రతిపాదించాడు, ఒక మాట అర్థం దాని పక్క మాటల వల్లే తేలుతుందని. ఆయన హద్దులు మరీ గీతగీసినట్టు ఉంటాయన్నాడు, అది అంత కచ్చితంగా నిలబడలేదు గానీ అసలు ఆలోచన నిలబడింది. తెలుగులో నాకు బాగా ఇష్టమైన క్షేత్రం ఒకటి చెప్తాను, వస్తువుని ముక్కలు చేసే క్రియలు. కత్తిపీట మీద కూర తరుగుతాం, గొడ్డలి ఎత్తి చెట్టు నరుకుతాం, కత్తెరతో బట్ట కత్తిరిస్తాం, దారం లాగి తెంచుతాం, కొత్తిమీర వేళ్ళతో తుంచుతాం, పుల్ల వంచి విరుస్తాం, కట్టెని పొడుగునా చీలుస్తాం, కొబ్బరికాయ కొడతాం. వరి కోస్తాం, పూలు కోస్తాం, పండూ కోస్తాం, కోయడం కొంచెం అందరికీ పెద్దలా ఉంటుంది గానీ పూర్తిగా పెద్ద కాదు, పుల్ల కోశాడు అంటే విరిచాడు అని ఎవరికీ అర్థం కాదు.

ఇక్కడ తేడాలు దేని మీద నడుస్తున్నాయో చూడండి. వస్తువు బిరుసుగా ఉందా మెత్తగా ఉందా, పనిముట్టు ఉందా వట్టి చేతులా, చెయ్యి ఎత్తి వేటు వేస్తున్నామా ఆనించి లాగుతున్నామా, ముక్క అడ్డంగా వచ్చిందా నిలువుగానా. దారం విరిచాడు అంటే తప్పు, పుల్ల తెంచాడు అన్నా తప్పు, ఎందుకంటే విరగడానికి బిరుసు కావాలి, తెగడానికి సాగే గుణమో నారో కావాలి. తెలుగు నేర్చుకునే బయటివాళ్ళు ఇక్కడే దొరికిపోతారు, అన్నిటికీ ‘కట్ చేశాడు’ అనేస్తారు. ఇప్పుడు మన పట్నం పిల్లలూ అలాగే అంటున్నారు, కట్ చేయడం అనే మాట వచ్చి ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న ఆ పెద్ద స్థానంలో కూర్చుంది. నాకు దీని మీద కొంచెం దిగులే, పెద్ద మాట రావడం తప్పు కాదు, కింద మాటలు వాడుకలోంచి జారిపోతేనే నష్టం.

ఇంకోటి గమనించండి, ఈ క్షేత్రంలో వ్యతిరేక జంట ఒక్కటి కూడా లేదు. తరగడానికి వ్యతిరేకం నరకడం కాదు. ఒకటి అయితే ఇంకోటి కాదు, అంతే. తీపి, పులుపు, కారం, ఉప్పు, చేదు, వగరు కూడా ఇలాంటివే, తీపికి చేదు వ్యతిరేకం అని బళ్ళో రాయిస్తారు గానీ నాలుక మీద ఆరూ పక్కపక్కనే ఉంటాయి. రంగులూ, వారాలూ, పూల పేర్లూ ఇలాగే ఉంటాయి. మాటల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే విడిపోయి ఉంటుంది, జంటలుగా విడిపోయేవి ముఖ్యంగా గుణాలు, దిక్కులు, రాకపోకల్లాంటి క్రియలు, కొన్ని చుట్టరికాలు.

ఇక నిఘంటువు. మీరు చూసింది అకారాది నిఘంటువు అనుకుంటాను, 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం లాంటిది. అందులో పచ్చి పక్కన పచ్చిక, పచ్చడి లాంటివి ఉంటాయి, ఎండు ఎక్కడో ‘ఎ’ దగ్గర, ముదురు ‘మ’ దగ్గర. అర్థంలో చుట్టాలందరూ తలో ఊళ్ళో ఉంటారు. దానికి కారణం ఉంది, ఆ అమరిక చదివేవాడి కోసం, ఒక మాట కళ్ళబడింది, అర్థం తెలీదు, అక్షరాలు పట్టుకుని వెళ్ళాలి. అర్థం తెలుసు, మాట కావాలి అన్నవాడికి ఆ పుస్తకం ఏమీ చెయ్యలేదు.

మన పాత పద్ధతి రెండోవాడి కోసం ఉంది. అమరసింహుడు సంస్కృతంలో చేసిన అమరకోశం మూడు కాండాలు, లోపల వర్గాలు, స్వర్గవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం, సింహాదివర్గం, మనుష్యవర్గం ఇలా. పద్యం రాయాలంటే తామరకి ఎన్ని పేర్లున్నాయో ఒక్కచోట కావాలి, ఛందస్సులో ఏది ఇముడుతుందో చూసుకోవాలి. పైగా కంఠస్థం చేసేది కాబట్టి అక్షరక్రమం అవసరమే లేదు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా ఇలా వర్గాలుగా చేసినదే. అయితే వర్గాలుగా అమర్చినప్పుడు అమర్చినవాడి లోకం దాన్లోకి వచ్చేస్తుంది, అమరకోశంలో మనుష్యవర్గం తర్వాత బ్రహ్మ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్గాలు వరసగా ఉంటాయి, ఆ కాలపు సమాజం మెట్లు అలాగే మాటల మెట్లయిపోయాయి. అక్షరక్రమానికి ఈ తలనొప్పి లేదు, ‘అ’ తర్వాత ‘ఆ’ రావడంలో ఎవరి పెద్దరికమూ లేదు.

అమరకోశంలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది మూడో కాండంలోని నానార్థవర్గం. ఒకే మాటకి చాలా అర్థాలున్నవి అక్కడ పెట్టాడు, అవి ఏ వర్గంలోనూ పూర్తిగా ఇమడవు కదా, అందుకని వాటిని మాట చివరి హల్లుని బట్టి అమర్చాడు, ‘క’తో ముగిసేవి, ‘ఖ’తో ముగిసేవి ఇలా. అంటే ఒకే పుస్తకంలో అర్థం దారి, శబ్దం దారి రెండూ పెట్టుకున్నాడు. పచ్చి లాంటి మాటని ఏ వర్గంలో పెడతారు, కట్టెల్లోనా, కాయల్లోనా, పుండ్లలోనా? ఆ ఇబ్బంది ఆయనకీ వచ్చింది, దానికి ఆయన వేసిన దారి అది.

ఇంగ్లండులో పీటర్ రోజె 1852లో థిసారస్ తెచ్చాడు, మన బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వచ్చిందీ ఆ సంవత్సరమే. రోజె ఆలోచనలని వెయ్యి శీర్షికల కింద సర్ది, ఎదురెదురు భావాలని వీలైనచోట పక్కపక్క కాలమ్స్‌లో పెట్టాడు, అంటే వ్యతిరేకాలు దగ్గర మాటలే అన్న సంగతి పేజీ మీదే కనబడుతుంది. తెలుగులో ఈ వైపు జరిగిన గొప్ప పని నా లెక్కన మాండలిక వృత్తిపదకోశం, మొదటి సంపుటం భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయం మీద వచ్చింది. ఊళ్ళు తిరిగి రైతుల దగ్గర ఒక్కో పనికీ పనిముట్టుకీ ఏ జిల్లాలో ఏమంటారో ఏరారు. అర్థక్షేత్రం అంటే ఏంటో చూడాలనుకుంటే సిద్ధాంతాల కంటే ఆ పుస్తకం తిరగెయ్యడం మంచిది.

1980ల మధ్యలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జార్జ్ మిల్లర్ బృందం వర్డ్‌నెట్ మొదలుపెట్టింది, మాటలు మనసులో ఎలా ఉంటాయో అలాగే కంప్యూటర్లో పెట్టాలని. నామవాచకాలు ‘ఒక రకం’ చెట్టుగా బాగానే కుదిరాయి. విశేషణాలు కుదరలేదు, పెద్ద అనేది దేనికి రకం? అందుకని వాటిని వ్యతిరేక జంటల చుట్టూ కట్టారు. నడిమధ్య ఒక గట్టి జంట, ఒక్కో వైపు దాని దగ్గరి మాటలు. తెలుగులో చెప్పుకుంటే పెద్ద–చిన్న నడిమి జంట, భారీ అనేది పెద్ద పక్కన కూర్చుంటుంది. భారీకి వ్యతిరేకం ఏంటి అంటే ఒక్క క్షణం ఆగిపోతాం, పెద్ద మీదుగా తిరిగి చిన్నకి రావాలి. గట్టి జంటలు ఏవో తెలుసుకోవాలంటే తెలుగులో మంచి గుర్తు ఉంది, అవి కలిసి తిరుగుతాయి, చిన్నా పెద్దా, మంచీ చెడూ, పగలూ రాత్రీ, తడీ పొడీ, రాకపోకలు, కష్టసుఖాలు. ఇంగ్లీషు మీద చేసిన లెక్కల్లోనూ ఇదే తేలింది, వ్యతిరేక జంటలు ఒకే వాక్యంలో కలిసి రావడం యాదృచ్ఛికంగా రావాల్సినదానికంటే చాలా ఎక్కువ. పిల్లలకి ఆ జంటలు అలా వినీ వినీ పట్టుబడతాయని చాలామంది అనుకుంటారు, నేనూ అదే అనుకుంటాను.

బుర్ర సంగతికొస్తే, అక్కడ కూడా అమరసింహుడు పెట్టినట్టే రెండు దారులూ ఉన్నాయి. మనం పొరపాటున అనే మాటలు చూస్తే చాలు. ఫ్యాన్ వెయ్యమనబోయి “ఫ్యాన్ ఆపు” అంటాం, ఎల్లుండి అనబోయి మొన్న అంటాం, తలుపు మూయమనబోయి తియ్యమంటాం. తప్పు మాట అయినా అదే క్షేత్రంలోది, చాలాసార్లు సరిగ్గా వ్యతిరేకమే, అదీ ఒకే వ్యాకరణ జాతిది, క్రియ బదులు క్రియ. ఇంకో రకం తప్పుల్లో అర్థానికి సంబంధమే ఉండదు, శబ్దం దగ్గరగా ఉన్న మాట వస్తుంది. పేరు నాలుక మీదే ఉంది గానీ రావట్లేదు అంటామే, 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించి చూస్తే, మాట రాకపోయినా చాలాసార్లు దాని మొదటి అక్షరమో, ఎన్ని అక్షరాల పలుకో జనం చెప్పగలిగారు. అంటే అర్థం దొరికేసింది, శబ్దం సగమే దొరికింది, రెండూ విడివిడిగా దొరికే సంగతులు.

పక్క మాట నిజంగా మేల్కొంటుందనడానికి కూడా రుజువుంది. 1971లో మేయర్, ష్వానెవెల్ట్ చేసిన ప్రయోగంలో ‘డాక్టర్’, ‘నర్స్’ లాంటి దగ్గరి మాటలు రెండూ కలిపి చూపిస్తే అవి అసలు మాటలేనని జనం త్వరగా గుర్తుపట్టారు, సంబంధం లేని మాటలు కలిపి చూపిస్తే ఆలస్యమైంది. అయితే బుర్రలో శుభ్రమైన చెట్టు గీసి ఉందనుకుంటే మాత్రం కుదరదు. 1969లో కాలిన్స్, క్విలియన్ అలాగే అనుకున్నారు, మెట్లు ఎక్కువైతే టైము ఎక్కువ పడుతుందని. తర్వాత చూస్తే కుక్క జంతువు అని ఒప్పుకోవడానికి, కుక్క క్షీరదం అని ఒప్పుకోవడం కంటే తక్కువ టైము పడుతోంది, చెట్టు లెక్కలో క్షీరదమే దగ్గర మెట్టు అయినా సరే. రోజూ వాడేదీ, మాదిరిగా కనబడేదీ ముందొస్తుంది. పిచ్చుక పక్షి అనడానికి ఆలోచించం, నిప్పుకోడి పక్షేనా అంటే కొంచెం ఆగుతాం.

క్షేత్రాలు ఊహ కాదనడానికి 1984లో వారింగ్టన్, షాలిస్ రాసిన కేసులు చూడాలి. మెదడుకి హెర్పిస్ వైరస్ ఇన్ఫెక్షన్ సోకి తగ్గినవాళ్ళలో కొందరికి జంతువులు, మొక్కలు, తినే పదార్థాలు ఏంటో చెప్పడం పోయింది, పనిముట్లూ సామాన్లూ మాత్రం చాలావరకు బాగానే చెప్పేవారు. దీనికి కారణం మెదడులో ఒక్కో వర్గానికీ ఒక్కో అర ఉండటమా, లేక ప్రాణమున్నవాటిని చూపుతోనూ పనిముట్లని చేతి వాడకంతోనూ గుర్తుపెట్టుకోవడమా అన్నది ఇంకా వాదన నడుస్తోంది. నాకు రెండోది ఎక్కువ నచ్చుతుంది, పైన చెప్పిన తరగడం, నరకడం, తుంచడం తేడాలన్నీ చేతి కదలికలోనే ఉన్నాయి కాబట్టి.

మీ పాప విషయానికి ఉపయోగపడేది ఇంకొకటి. ఒక మాట చెప్పి వెంటనే తోచింది చెప్పమనే ఆట ఉంది, 1910లో కెంట్, రోజనాఫ్ వంద మాటలతో వెయ్యి మందిని అడిగి జాబితా చేశారు, మామూలు గుణాలు చెప్తే పెద్దవాళ్ళలో చాలామంది వ్యతిరేకమే చెప్పారు. చిన్నపిల్లలు అలా చెప్పరు, పక్కన వచ్చే మాట చెప్తారు, పచ్చి అంటే మిర్చి అనో గడ్డి అనో. బడికి వెళ్ళే మొదటి కొన్నేళ్ళలో ఇది మెల్లగా మారి, అదే జాతి మాట చెప్పడం మొదలవుతుంది. ఐదో క్లాసు పాప పచ్చికి ఎండు అని రాసిందంటే ఆ మార్పు వచ్చేసినట్టే, అదీ ఏదో వస్తువుని మనసులో పెట్టుకునే రాసుంటుంది. ఏ వస్తువో అడగండి, కట్టెలో, చేపలో, కొబ్బరో ఏదైనా చెప్తుంది.

టీచర్ గారితో మాట్లాడాలనుకుంటే మార్కు కోసం కాకుండా, ప్రశ్నని “పచ్చి కట్టెలు × ____ కట్టెలు” అని వస్తువుతో సహా ఇమ్మని అడగండి, ఇద్దరికీ గొడవ ఉండదు. ఇంట్లో వెతకడానికి ఆంధ్రభారతి సైట్‌లో చాలా తెలుగు నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు, జి.ఎన్. రెడ్డి గారి పర్యాయపద నిఘంటువు కూడా దగ్గర పెట్టుకోండి. ఎంట్రీలో అర్థాలు నంబర్లతో ఉంటే ఒక్కో నంబరుకీ ఒక వస్తువు పేరు పట్టుకుని “ఇది కాదు, అది ఇవ్వండి” అని కొట్లో అడిగినట్టు పాప చేత అనిపించి చూడండి, నోటికి ఏ మాట వస్తే ఆ నంబరుకి అదే వ్యతిరేకం. ఏ మాటా రాలేదంటే బలవంతం చెయ్యకండి, ఆ అర్థానికి వ్యతిరేకం లేదని వదిలెయ్యండి.